18 ఏళ్ల మా బుల్లోడు, అర్ధరాత్రి అరుపులు: నా అనుభవం

మా పిల్లి బుల్లోడికి 18 ఏళ్లు. పేరు పెట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేవాడు కాబట్టి బుల్లోడు. ఇప్పుడు పశువైద్యులు వాడే పట్టిక ప్రకారం మనిషి లెక్కలో 88 ఏళ్ల ముసలాయన. కిందటేడాది వానాకాలంలో మొదలైంది ఈ గొడవ, రాత్రి రెండు దాటాక హాలు మధ్యలో నిలబడి అరవడం. ఆకలేసినప్పుడు అరిచే అరుపు కాదు, పొడుగ్గా, బొంగురుగా, ఎవరినో పిలుస్తున్నట్టు. లేచి లైటు వేస్తే ఓ క్షణం తెల్లబోయి చూసి, తోకెత్తి, కాళ్లకు రాసుకుని, వచ్చి పడుకునేవాడు. గంటకి మళ్లీ మొదలు.

ఇది చదివేవాళ్లలో ముసలి పిల్లి ఉన్నవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఒకటే. "వయసైపోయింది కదా, అంతే" అని ఎవరు చెప్పినా అప్పుడే నమ్మకండి. మావాడి విషయంలో ఆ మాట సగమే నిజం. మిగతా సగం బీపీ, కీళ్ల నొప్పులు, చెవుడు. వీటిలో మొదటి రెండింటికి మందులున్నాయి, మూడోదానికి మందు లేకపోయినా మనం సర్దుకునే పద్ధతి ఉంది. అవన్నీ తీసేశాక మిగిలినదే మతిమరుపు జబ్బు. మనుషుల్లో అల్జీమర్స్ అంటామే, దాదాపు ఆ దారిలోనే నడిచే జబ్బు పిల్లులకూ వస్తుంది.

మేముండేది విశాఖలో, రెండో అంతస్తు. కింద పోర్షన్ ఆంటీ మొదటి వారంలోనే మెట్ల మీద ఆపి, "రాత్రిపూట పిల్లి ఏడుపు ఇంటికి మంచిది కాదమ్మా, ఎక్కడైనా వదిలేసి రండి" అంది. ఆవిడని తప్పుపట్టను, ఆవిడ నిద్ర కూడా పోతోంది కదా. కానీ మా అత్తయ్య ఊరుకోలేదు. "నేను కూడా రాత్రిళ్లు లేచి తిరుగుతాను, నన్నెక్కడ వదిలేస్తారో అదీ అడుగు" అంది నాతో, ఆవిడకి వినపడేటట్టు. అత్తయ్యకి 79. ఈ కథలో సగం పని చేసింది ఆవిడే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఫోన్‌లో వీడియోలు తీసుకున్నాను. ఇది చాలా పనికొచ్చింది, ఎందుకంటే క్లినిక్‌లో ఏ పిల్లీ ఇంట్లో ఉన్నట్టు ఉండదు, బల్ల మీద ముడుచుకుని కూర్చుంటుంది, డాక్టర్‌కి ఏమీ కనపడదు. వీడియోలతో పాటు ఒక నోట్‌బుక్ కూడా పెట్టాను. ఎన్నింటికి అరిచాడు, ఎక్కడ నిలబడి అరిచాడు, అంతకు ముందు తిన్నాడా, టాయిలెట్ ట్రేకి వెళ్లాడా, ఏం చేస్తే ఆగాడు. కొన్ని పేజీలు నిండేసరికి నాకే కొన్ని సంగతులు కనపడ్డాయి. తలుపు తెరిచే వైపు కాకుండా బందులున్న వైపు నిలబడి తలుపు తీయమని ఎదురు చూస్తున్నాడు. ఫ్రిజ్ పక్కనున్న సందులోకి దూరి, వెనక్కి రావడం మర్చిపోయి, గోడకి ముఖం పెట్టి అక్కడే ఉండిపోతున్నాడు. పొద్దున ఏడింటికి తిని, ఏడుంపావుకి ఖాళీ గిన్నె ముందు కూర్చుని తిననట్టే అరుస్తున్నాడు. మధ్యాహ్నమంతా మొద్దు నిద్ర, రాత్రంతా తిరుగుడు.

డాక్టర్ గారు పెద్దావిడ, నెమ్మదస్తురాలు. వీడియోలన్నీ చూసి, "ఇది మతిమరుపులాగే ఉందమ్మా, కానీ దానికి రక్త పరీక్ష లేదు. వేరేవి ఏవీ కావని తేల్చుకున్నాకే ఆ పేరు పెట్టాలి" అన్నారు. ఆ "వేరేవి" ఏమిటో ఆవిడ ఓపిగ్గా చెప్పారు. థైరాయిడ్ ఎక్కువైతే ముసలి పిల్లి బాగా తింటూ కూడా చిక్కిపోతుంది, కుదురుగా ఉండదు, రాత్రిళ్లు అరుస్తుంది. కిడ్నీలు దెబ్బతింటే నీళ్లు ఎక్కువ తాగుతుంది, ట్రేలో తడిసి గట్టిపడే మట్టి ముద్దలు పెద్దవవుతాయి. బీపీ పెరిగితే తల బరువుగా ఉంటుందో ఏమో పాపం చెప్పలేదు, అరుస్తుంది. ఇంకా ముదిరితే కంటి లోపలి పొర ఊడి ఒక్కరోజులో చూపు పోవచ్చు. నొప్పి ఉంటే పడుకున్న చోట కుదరక లేస్తుంది. చెవులు వినపడకపోతే తన గొంతు తనకే వినపడక గట్టిగా అరుస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకి ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి, "రాత్రిపూట అరుస్తోంది" అని.

రక్తం, మూత్రం ఇచ్చాం. థైరాయిడ్ మామూలుగానే ఉంది. క్రియాటినిన్ 2.1 వచ్చింది, అంటే కిడ్నీ జబ్బు రెండో దశ. ఈ వయసు పిల్లుల్లో ఇది చాలా మామూలట, నీళ్లు, తిండి జాగ్రత్తగా చూసుకుంటే చాలాకాలం నడుస్తుందట. అసలు విషయం బీపీ దగ్గర తేలింది.

పిల్లికి బీపీ చూసే సరంజామా అన్ని క్లినిక్‌లలో ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. పసిపిల్లలకి వాడేటంత చిన్న పట్టీని తోక మొదట్లోనో ముందు కాలికో చుట్టి చూస్తారు. మమ్మల్ని వెళ్లగానే చూడలేదు. లైటు తగ్గించిన గదిలో బుట్ట తలుపు తీసి పది నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు, వాడు తేరుకోవాలని. తర్వాత అత్తయ్య ఒళ్లోనే ఉంచి వరసగా చాలాసార్లు చూశారు. మొదటిది పక్కన పెట్టేసి మిగతావాటికి సగటు తీశారు, ఎందుకంటే భయానికే మొదటి అంకె పెరుగుతుంది. సగటు 190 వచ్చింది. 160 దాటితేనే పట్టించుకోవాలి, 180 దాటితే కళ్లకీ మెదడుకీ ప్రమాదం. అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నం ఎండలో కూడా వాడి కంటిపాపలు నల్లగా, పెద్దగా ఉంటున్నాయి. ముద్దుగా ఉన్నాడని ఫొటోలు తీసి బంధువులందరికీ పంపుతున్నాం.

మందు మనుషులు వాడే ఆమ్లోడిపిన్. 2.5 మిల్లీగ్రాముల మాత్రని నాలుగు ముక్కలు చేసి అందులో ఒక ముక్క, రోజుకోసారి. మాత్ర చిన్నది, నాలుగు ముక్కలు సమానంగా రావడం కల్ల, మెడికల్ షాపులో దొరికే మాత్ర కోసే డబ్బా కొనుక్కున్నాక కాస్త నయం. వీడికి ఈ మోతాదు ఇచ్చారని మీ పిల్లికి కూడా వేసేయకండి. బీపీ కొలవకుండా ఈ మందు వేస్తే పడిపోవచ్చు. కొన్నాళ్లయ్యాక మళ్లీ చూస్తే 150 దగ్గర ఆగింది. కంటిపాపలు చిన్నవయ్యాయి. అరుపులు కూడా తగ్గాయి, కానీ పోలేదు.

కీళ్ల సంగతి తేలడం సులువే అయింది. ఎక్స్‌రేలో మోచేతుల దగ్గర, నడుం దగ్గర ఎముక పెరిగి కనిపించింది. పన్నెండేళ్లు దాటిన పిల్లుల్లో ఎక్స్‌రే తీస్తే పదింటిలో తొమ్మిదింటికి ఎక్కడో ఒకచోట కీళ్లరుగుదల కనిపిస్తుందని డాక్టర్ గారు చెప్పారు, కుంటవు కాబట్టి మనకు తెలీదంతే. ట్రే పక్కన నేల మీద పోస్తుంటే మతిమరుపు వల్ల అనుకున్నాం, కానీ అందులో సగం ట్రే అంచు ఎత్తుగా ఉండి కాలు ఎత్తలేక. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కొని ఒక వైపు రెండంగుళాలే మిగిలేలా కోయించి, కోసిన అంచుకి టేపు చుట్టాం. ఆ వారం నుంచే నేల తుడుచుకునే పని చాలా మటుకు తప్పింది. పాలిష్ టైల్స్ మీద వెనక కాళ్లు జారుతున్నాయని పాత యోగా మ్యాట్ కోసి పడక నుంచి ట్రే దాకా, ట్రే నుంచి నీళ్ల గిన్నె దాకా దారిలా పరిచాం. అదే దారి పట్టుకుని నడవడం వాడికి అలవాటైంది, ఇది తర్వాత మతిమరుపుకి కూడా కలిసొచ్చింది.

చెవుడు ఇంట్లోనే పరీక్షించాం. వాడు అటు తిరిగి ఉన్నప్పుడు వెనకనుంచి తిండి ప్యాకెట్ చింపాను, చెవి కూడా కదల్లేదు. ఆరేళ్ల క్రితం ఆ శబ్దానికి మేడ మీదినుంచి దిగొచ్చేవాడు. అదే నేలని అరచేత్తో తడితే వెంటనే తల తిప్పాడు. అంటే రాత్రిపూట మేం మంచం మీద నుంచి "బుల్లీ, ఇక్కడే ఉన్నాం రా" అని పిలుస్తున్నదంతా గాలికి పోతోంది. చీకట్లో చూపు కూడా అంతంతమాత్రమైన, ఏమీ వినపడని ముసలిప్రాణానికి, ఇంట్లో అందరూ పడుకున్నాక ఇల్లు ఖాళీ అయిపోయినట్టే ఉంటుంది కదా. డాక్టర్ గారు ఇది చెప్పినప్పుడు అత్తయ్య ఏమీ అనలేదు, ఆ రాత్రి నుంచి తన మంచం హాల్లో వేయించుకుంది.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా సందుల్లో ఇరుక్కోవడం, తలుపు తప్పు వైపు నిలబడడం, తిన్నది మర్చిపోవడం, పగలు-రాత్రి తారుమారు కావడం అలాగే ఉన్నాయి. అప్పుడు మతిమరుపు జబ్బు అని రాశారు. 15 దాటిన పిల్లుల్లో దాదాపు సగంలో ఏదో ఒక లక్షణం కనిపిస్తుందట, 11 నుంచి 14 మధ్య పిల్లుల్లో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. 2025లో ఎడిన్‌బరా యూనివర్సిటీ వాళ్లు చనిపోయిన పాతిక పిల్లుల మెదళ్లు పరిశీలించి, మతిమరుపు ఉన్నవాటిలో నాడీకణాలు ఒకదానికొకటి కబురు అందించుకునే చోట్ల అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ పేరుకుందని చెప్పారు, అల్జీమర్స్‌లో పేరుకునేది కూడా అదే. పైగా మెదడుని కాపాడాల్సిన కణాలే ఆ అతుకుల్ని మింగేస్తున్న ఆనవాళ్లు కనిపించాయట. నాకిది చదివాక ఒక విధంగా తేలికైంది. వాడు మొండికేయడం లేదు, మమ్మల్ని పరీక్షించడం లేదు. దారి చెప్పే తీగలు తెగిపోతున్నాయి. తెగినవి మళ్లీ అతకవు కాబట్టి, ఉన్న తీగల మీదే రోజంతా ఒకే దారిలో నడిపించాలి. మేం చేసుకున్న దినచర్య అంతా దీని మీదే నిలబడింది.

పొద్దున బాల్కనీలో ఎండ. ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య ఎండ పడే చోట బొంత వేసి వాడిని అక్కడ పెడతాం. వెలుతురు తగిలితే శరీరానికి పగలు ఏదో తెలుస్తుంది. పగటిపూట గంటల తరబడి నిద్రపోనివ్వం, అలాగని గబుక్కున కూడా లేపం, చెవిటివాడిని తాకి లేపితే ఉలిక్కిపడి కరుస్తాడు. పక్కన నేల మీద రెండు తట్లు తట్టి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టి, వాసన చూశాక తల నిమురుతాం. లేచాక ఐదు నిమిషాలు చీర అంచు దారం నేల మీద పాకిస్తే పంజా వేస్తాడు. గెంతడాలు లేవు, పడుకునే వేస్తాడు, అదే వాడి వ్యాయామం. దారం మాత్రం ఆట అవ్వగానే తీసి దాచేస్తాం, మింగితే పేగులకి చుట్టుకుంటుంది.

తిండి రెండు పెద్ద పూటలు మానేసి ఐదు చిన్న పూటలు చేశాం. తిన్నది మర్చిపోయేవాడికి "ఇందాకే తిన్నావురా" అని చెప్పి లాభం లేదు, మొత్తం పెంచకుండా ముక్కలు చేసి పెడితే అడిగినప్పుడు ఏదో ఒకటి ఉంటుంది. కిడ్నీల కోసం డాక్టర్ గారు చెప్పిన తడి ఆహారమే, గోరువెచ్చగా చేసి పెడతాం, వాసన పెరుగుతుంది. వారానికోసారి ఉడికించిన కానాగంత ముక్క, ఉప్పు లేకుండా, ముల్లు తీసి. అది కిడ్నీ లెక్కల్లో లేదు, అత్తయ్య లెక్కల్లో ఉంది, డాక్టర్ గారు కూడా చూసీ చూడనట్టు వదిలేశారు.

రాత్రి భాగమే అసలైంది కాబట్టి వివరంగా చెప్తాను. తొమ్మిదింటికి అత్తయ్య మంచం మీద కూర్చుంటే వాడిని ఒళ్లో పెడతాం, మెత్తటి దువ్వెనతో మెడ నుంచి నడుం దాకా దువ్వుతుంది. ముసలి పిల్లి వెనక భాగం నాక్కోలేదు, అక్కడ బొచ్చు ముడులు కడుతుంది, లాగితే నొప్పి, కాబట్టి ఇది ముద్దే కాదు, పని కూడా. వారానికోసారి ఇదే సమయంలో గోళ్లు చూస్తాం. ఈ వయసులో అవి సరిగ్గా లోపలికి పోవు, అరగవు, వంపు తిరిగి పాదం మెత్తలోకి దిగుతాయి. నేల మీద నడుస్తుంటే టక్కుటక్కు వినపడిందంటే కత్తిరించే వేళయినట్టే. తొమ్మిదిన్నరకి ఆఖరి పూట. తర్వాత ట్రే దగ్గరికి నడిపిస్తాం, ఎత్తుకుని వెళ్లం, యోగా మ్యాట్ దారి మీద తనే నడవాలి. తర్వాత పడక. పడక అంటే తక్కువ అంచున్న అట్టపెట్టె, అందులో అత్తయ్య కట్టి విడిచిన నూలు చీర, ఉతకనిది. చూపు, వినికిడి పోయాక కూడా వాసన కాస్త మిగిలి ఉంటుంది, రాత్రి మెలకువ వస్తే ముక్కుకి ముందు తగిలేది అదే. ఒకసారి పనమ్మాయి తెలీక ఆ చీర ఉతికేసింది, ఆ రాత్రి మాకు జాగారమే.

లైట్లు: ట్రే దగ్గర ఒక జీరో వాట్ బల్బు, వరండా మొదట్లో ఒకటి. రెండూ ఇన్వర్టర్ లైన్‌లో ఉన్న ప్లగ్గులకే పెట్టాం, కరెంటు పోతే చీకటి పడకుండా. రాత్రిపూట హాలు, వరండా తప్ప మిగతా తలుపులన్నీ వేసేస్తాం. ఫ్రిజ్ పక్క సందుకి, బీరువా వెనక్కి, సోఫా కిందకి అట్టముక్కలు అడ్డం పెట్టాం. ఇల్లు చిన్నదైపోతే బెంగపడతాడేమో అనుకున్నాను, నిజానికి అదే బాగా పనిచేసింది. తప్పిపోవడానికి చోటు తగ్గింది.

ఇన్ని చేసినా అరుస్తాడు. అరిచినప్పుడు ఏం చేయాలనేదానికి ఇంట్లో ఒక వరస పెట్టుకున్నాం, ఎవరు లేచినా అదే వరస. ట్యూబ్‌లైటు వేయకూడదు, తిట్టకూడదు, గబుక్కున ఎత్తుకోకూడదు. వాడి ముందు నుంచి వెళ్లాలి, వెనకనుంచి కాదు. నేల తట్టాలి. చెయ్యి వాసన చూపించాలి. అరచేయి ఛాతీ కింద ఆనించి ఓ నిమిషం అలా ఉండాలి, గుండె వేగం తగ్గడం చేతికి తెలుస్తుంది. తర్వాత ట్రే, తర్వాత నీళ్లు, తర్వాత పడక. తిండి ఈ వరసలో లేదు, అది కావాలనే తీసేశాం. ఎందుకంటే మొదట్లో మా ఆయన అరుపు ఆపడానికి గుప్పెడు తిండి వేసేవారు, పిల్లి ఎంత మతిమరుపుదైనా "అరిస్తే తిండి" అనే పాఠం మాత్రం ఎలాగో నేర్చుకుంటుంది. ఇప్పుడు వాడు లేచే సమయం నోట్‌బుక్‌లో చూసుకుని, అంతకు ముందే, ఒకటిన్నర ప్రాంతంలో, అత్తయ్య బాత్రూంకి లేచినప్పుడు పడక పక్కన చిన్న పూట పెట్టేస్తుంది. టైమర్ పెట్టే తిండి డబ్బా ఒకటి కొన్నాం కూడా. దాని మోటారు శబ్దానికి పిల్లి లేచి వెళ్లి తినాలి. మావాడికి వినపడదు కదా, పొద్దున్నే కాకులు వచ్చి బాల్కనీలోంచి తొంగి చూసేవి.

ఈ పద్ధతి కుదురుకోవడానికి నెల పైనే పట్టింది. ఇప్పుడు చాలా రాత్రుల్లో ఒకసారే లేస్తాడు, పది నిమిషాల్లో సర్దుకుంటాడు. కొన్ని రాత్రులు అసలు లేవడు. పౌర్ణమి, అమావాస్య అని అత్తయ్యకి ఒక సిద్ధాంతం ఉంది, నోట్‌బుక్ దాన్ని సమర్థించలేదు, ఆవిడ నోట్‌బుక్‌నే ఒప్పుకోలేదు.

మందుల గురించి. పిల్లుల మతిమరుపు కోసమంటూ తయారైన నికరమైన మందు లేదు. కుక్కలకి వాడే సెలెజిలిన్‌ని కొందరు డాక్టర్లు పిల్లులకీ ఇస్తారు, మాకు ఇవ్వలేదు. నొప్పికీ రాత్రి బెదురుకీ గాబాపెంటిన్ చిన్న మోతాదు ఇచ్చారు. మొదటి రాత్రి హాయిగా పడుకున్నాడు కానీ పొద్దున లేచి తాగినవాడిలా తూలాడు. కిడ్నీలు నెమ్మదిగా ఉన్నప్పుడు ఈ మందు శరీరంలో ఎక్కువసేపు ఉండిపోతుందట, మోతాదు తగ్గించాక సర్దుకుంది. చేప నూనె తిండిలో కలుపుతాం, డాక్టర్ గారు చెప్పిన కొలతే.

ఇక వేయకూడనివి. ఇంట్లో నొప్పి అనగానే చేతికొచ్చే పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. కుక్కల మెదడుకి మంచిదని అమ్మే కొన్ని పొడుల్లో ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం ఉంటుంది, అది కూడా పిల్లుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, సీసా వెనక చదవకుండా ఏదీ పెట్టకండి. కర్పూరం, యూకలిప్టస్ నూనె, ప్రశాంతంగా నిద్ర పడుతుందని గదిలో పెట్టే సువాసన నూనెలు వాడి దగ్గరికి రానివ్వం. అత్తయ్య హారతి ఇప్పుడు దేవుడి గదిలోనే, తలుపు వేసి.

సంక్రాంతికి మాత్రం అంతా తలకిందులైంది. ఆడపడుచు వాళ్లు పిల్లలతో వచ్చారు, పడకలకి చోటు లేక సోఫా జరిపాం, యోగా మ్యాట్ ఎత్తేశారు, ట్రే బాల్కనీలోకి మారింది. భోగి రాత్రి వాడు బీరువా వెనక ఇరుక్కుని, అక్కడే పోసుకుని, బొంగురు పోయేదాకా అరిచాడు. మర్నాడు పొద్దున్నే ట్రే పాత చోటికి, మ్యాట్ పాత చోటికి, సోఫా పాత చోటికి, మా ఆడపడుచు భర్త హాల్లోంచి బెడ్‌రూం నేల మీదకి. పండగ అల్లుడిని నేల మీద పడుకోబెట్టారని మాట పడింది, పడితే పడింది. సామాను తిరిగి పెట్టేసినా వాడు మామూలుగా అవడానికి పదిరోజుల పైనే పట్టింది. పెళ్లి, సున్నాలు, ఇల్లు మారడం లాంటివి తప్పనిసరైతే, ముందే ఒక గది వాడికి వదిలేసి అందులో పడక, ట్రే, నీళ్లు ఇప్పుడున్న దూరాల్లోనే పెట్టి, ఆ గదిని ఎవరూ ముట్టుకోకుండా చూడడం ఒక్కటే దారి.

ఇంకో సంగతి తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది. మతిమరుపు నెలల మీద నెమ్మదిగా పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్లి ఒక్కసారిగా మారిపోతే అది మతిమరుపు కాదు, ఇంకేదో. వేసవిలో ఒకసారి మళ్లీ రాత్రంతా అరుపులు మొదలయ్యాయి. "జబ్బు ముదిరింది" అన్నారు మా ఆయన. నోట్‌బుక్ చూస్తే ఈసారి అరుపులన్నీ హాల్లో కాదు, ట్రేలో. కూర్చుంటున్నాడు, ముక్కుతున్నాడు, బయటికొచ్చి అరుస్తున్నాడు. మగపిల్లి కాబట్టి మూత్రం బిగిసిందేమోనని భయపడి తెల్లారకుండానే పరిగెత్తాం, ఎందుకంటే అది బిగిస్తే ఒకట్రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. అదృష్టం, మూత్రాశయం ఖాళీగానే ఉంది, మలబద్ధకం. ఎండలకి ఒంట్లో నీరు తగ్గి గట్టిపడింది. చర్మం కింద సెలైన్ ఎక్కించి, లాక్టులోజ్ సిరప్ ఇచ్చారు, రెండు రోజుల్లో పాత బుల్లోడు తిరిగొచ్చాడు. అప్పటినుంచి తిండిలో రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లు అదనంగా కలుపుతున్నాం, నీళ్ల గిన్నెలు రెండు చోట్ల పెట్టాం, బీపీ, కిడ్నీ పరీక్షలు డాక్టర్ గారు పెట్టిన గడువు ప్రకారం చేయిస్తున్నాం.

ఇది తగ్గే జబ్బు కాదని మాకు తెలుసు. కిందటిసారి వెళ్లినప్పుడు నేనే అడిగాను, ఇంకెంతవరకు లాగాలి, ఎప్పుడు ఆపాలి అని. డాక్టర్ గారు అంకె చెప్పలేదు. గోడ క్యాలెండర్ మీద రోజూ ఒక గుర్తు పెట్టమన్నారు, మంచి రోజు, చెడ్డ రోజు అని. మంచి రోజంటే ఏమిటో ఇప్పుడే, వాడు బాగున్నప్పుడే, ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించుకోమన్నారు, తర్వాతయితే కొలత మారిపోతుందని. మేం మూడు పెట్టుకున్నాం. తనంతట తను తినాలి. లేచి ట్రే దాకా వెళ్లాలి, పక్కన పోసినా ఫరవాలేదు, వెళ్లాలి. చెయ్యి పెడితే తల ఆనించాలి. ఈ మూడింటిలో రెండు లేని రోజు చెడ్డ రోజు. నెలలో చెడ్డ రోజులు మంచి రోజుల్ని దాటితే ఫోన్ చేస్తాం, నొప్పి లేకుండా పంపించే ఇంజెక్షన్ గురించి మాట్లాడటానికి. దీనికి మా ఆయన ఒప్పుకోవడానికి సమయం పట్టింది, అత్తయ్య మాత్రం వెంటనే సరేనంది.

క్యాలెండర్‌లో ఇప్పటికి మంచి రోజులే ఎక్కువ. చిక్కల్లా మార్కులు వేసేది ఇద్దరం కావడం. పెరుగు గిన్నెలో మూతి పెడితే చాలు అత్తయ్య మంచి రోజు అని రాసేస్తుంది, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ట్రే పొడిగా ఉంటే ఒప్పుకోను. అందుకని ఇద్దరికీ తేడా వచ్చిన రోజున తక్కువ మార్కు వేసినవాళ్ల మాటే చెల్లాలని రాసి ఆ క్యాలెండర్ కిందే అంటించాం.